గడియారంలో మూడు నిమిషాలే మిగిలితే: చదరంగంలో భద్రమైన ఎత్తు వేయడం ఎలా?

నెల్లూరులో జరిగే ఒకరోజు ర్యాపిడ్ పోటీలకు ఒంగోలు నుంచి నలుగురైదుగురు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్తుంటాను. కల్యాణ మండపంలో బల్లలు వరసగా వేసి ఉంటాయి. మొదటి పావుగంట హాలంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ తరువాత గడియారాలు నొక్కే టకటక చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు మొదలయ్యాక నేను బల్లల మధ్య తిరుగుతూ ప్రతిసారీ ఒకటే చూస్తాను. బంటు ఎక్కువగా ఉండి, గెలిచే స్థితిలో ఉన్నవారే ఓడిపోతుంటారు. వారికి ఆట రాక కాదు. పది నిమిషాలు ఉన్నప్పుడు వెతికినట్టే చివరి మూడు నిమిషాల్లోనూ అన్నిటికంటే గొప్ప ఎత్తు కోసం వెతుకుతారు. అది సగం దొరికేసరికి సమయం అయిపోవచ్చి, ఆ సగం ఆలోచననే బల్ల మీద పెట్టేస్తారు.

చివరి నిమిషాల్లో వెతకవలసింది గొప్ప ఎత్తును కాదు, ప్రమాదం లేని ఎత్తును. ఈ రెండూ వేరువేరు పనులు. రెండోదాన్ని ఎలా చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను మంత్రి అన్నచోట క్వీన్ అని, ఏనుగు అన్నచోట రూక్ అని, శకటు అన్నచోట బిషప్ అని చదువుకోండి.

ముందు సమయాన్ని లెక్క కట్టండి

ఆట 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకు 5 సెకన్లు అదనం అనుకుందాం. మీ గడియారం 3:00 చూపిస్తోంది. ఇంకా ముప్పై ఎత్తులు పడతాయని లెక్క వేసుకోండి. 180 సెకన్లను ముప్పైతో భాగిస్తే ఎత్తుకు 6 సెకన్లు వస్తాయి. దానికి గడియారం ఇచ్చే 5 కలిపితే 11. పదకొండు సెకన్లంటే తక్కువేమీ కాదు, ప్రశాంతంగా బల్లను ఒకసారి కలియజూడవచ్చు. అదే అదనపు సెకన్లు లేని ఆటయితే, నలభై ఎత్తులు మిగిలి ఉన్నాయనుకుంటే ఒక్కో ఎత్తుకు నాలుగున్నర సెకన్లే. కాబట్టి మీరు ఆడుతున్నది ఏ రకం ఆటో మొదటి ఎత్తుకు ముందే తెలుసుకుని కూర్చోండి. రెండు రకాల్లోనూ తొందర ఒకేలా ఉండదు.

నేను పిల్లలకు ఒక గీత గీసి చెబుతాను. అయిదు నిమిషాలకు వచ్చారంటే ఇక సుదీర్ఘ ఆలోచన ఒక్కసారికి మించి కుదరదు. మూడు నిమిషాలకు వచ్చారంటే ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి తప్ప మరో పద్ధతి లేదు. ముప్పై సెకన్లకు దిగితే, వచ్చే అయిదు సెకన్లలోపే ప్రతి ఎత్తూ వేసేయాలి. ఈ గీతలు ఆట మధ్యలో నిర్ణయించుకునేవి కావు. అప్పటికి గుండె దడ మొదలై ఉంటుంది, లెక్క కుదరదు.

ఎత్తు వేసే ముందు ఎదుటివాడి చెక్కులు చూడండి

మామూలుగా మనం మన ఎత్తుతో మొదలుపెట్టి, ఆ తరువాత ఎదుటివాడు ఏం చేస్తాడో ఆలోచిస్తాం. సమయం తక్కువ ఉన్నప్పుడు ఈ వరసను తిప్పేయండి. ఎదుటి ఆటగాడి గడియారం నడుస్తుండగానే రెండు ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోండి. నా రాజుకు అతడు ఎక్కడెక్కడ నుంచి చెక్ చెప్పగలడు? నా కాయల్లో కాపలా లేకుండా నిలబడి ఉన్నది ఏది? ఈ రెండూ తెలిసి ఉంటే మీ వంతు వచ్చేసరికి సగం పని అయిపోతుంది. అప్పుడు మీరు అనుకున్న ఎత్తును ఒక్క ప్రశ్నతో పరీక్షిస్తే చాలు. ఈ కాయ ఇప్పుడున్న గడిలో ఏ పని చేస్తోంది, అది లేచిపోతే ఆ పని ఎవరు చేస్తారు?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో ఒక ఆట చూపిస్తాను. దయచేసి బల్ల పరిచి కాయలు పెట్టుకోండి.

తెలుపు: రాజు g1, మంత్రి f3, ఏనుగు d1, బంట్లు a2, b3, f2, g2, h2.
నలుపు: రాజు g8, మంత్రి e5, ఏనుగు c8, బంట్లు a7, f7, g7, h7.

తెలుపుకు ఒక బంటు ఎక్కువ. ఎత్తు తెలుపుదే. కావలి నుంచి వచ్చే పదమూడేళ్ళ అమ్మాయి ఒకతె ఈ స్థితిలో తెల్ల కాయలతో ఆడింది. అప్పటికి తన గడియారంలో రెండు నిమిషాల నలభై సెకన్లున్నాయి. ఏనుగును d7 గడికి తీసుకెళ్ళింది. చూడటానికి చక్కని ఎత్తు. ఏనుగు ఏడో అడ్డవరుసలోకి దూసుకెళ్ళింది, a7 బంటు మీద కన్నేసింది, f3 మంత్రితో కలిసి f7 మీద ఒత్తిడి పెట్టింది. ఎదుటి అబ్బాయి ఒక్క క్షణం చూసి మంత్రిని e1కి దింపాడు. ఆట కట్టు. రాజు కదలడానికి గడి లేదు, ఎదురుగా ఉన్న మూడు సొంత బంట్లే దారి మూసేశాయి. మధ్యలో అడ్డుపెట్టాల్సిన f1 గడికి వెళ్ళగల కాయ లేదు.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచుతున్నప్పుడు ఒక ఖాళీ బల్ల మీద అదే స్థితి మళ్ళీ పెట్టుకున్నాం. "సార్, ఏనుగు ఏడో వరుసలోకి వెళ్ళడం మంచిదని మీరే చెప్పారు కదా?" అంది. నిజమే, చెప్పాను. "d1లో ఉన్నప్పుడు ఆ ఏనుగు ఏం చేస్తోందమ్మా?" అని అడిగాను. కాసేపు చూసి, మొదటి వరుస మీద వేలు పెట్టి చూపించింది. ఆ ఏనుగు పనిలేక నిలబడినట్టు కనిపిస్తోంది. నిజానికి ఆ వరుసకు ఉన్న ఒకే ఒక్క కాపలా అదే.

అప్పుడు తను ఇంకో మాట అంది. "అయితే మంత్రిని d5కి తెచ్చి మార్పిడి చేసుకోవాల్సింది. బంటు ఎక్కువున్నప్పుడు కాయలు తగ్గించుకోవాలి కదా." ఈ ఆలోచన చాలామందికి వస్తుంది, అందుకే దీన్ని కూడా ఆడి చూద్దాం. మంత్రి d5. నల్ల మంత్రి దాన్ని కొడుతుంది, తెల్ల ఏనుగు d5 మీద తిరిగి కొడుతుంది. ఇప్పుడు నల్ల ఏనుగు c1కి వచ్చి చెక్ చెబుతుంది. తెల్ల ఏనుగు d1కి వెనక్కి వచ్చి అడ్డుపడాలి, వేరే దారి లేదు. నల్ల ఏనుగు దాన్ని కొడితే మళ్ళీ ఆట కట్టు. దూకుడు ఎత్తూ ఓడిపోయింది, జాగ్రత్త ఎత్తూ ఓడిపోయింది. రెంటికీ కారణం ఒకటే, రాజుకు ఊపిరి ఆడే గడి లేదు.

మొదట రాజుకు ఒక గడి

ఈ స్థితిలో వేయాల్సింది g3. అంతే. దేన్నీ బెదిరించదు, ఏమీ గెలవదు, చూసేవారికి ఏ ఆలోచనా లేనట్టు కనిపిస్తుంది. కానీ రాజుకు g2 గడి దొరికింది, f3 మంత్రి ఆ గడికి కాపలా కాస్తోంది.

h3 ఆడితే సరిపోదా అని మీరు అడగవచ్చు. చెడ్డ ఎత్తేమీ కాదు. అయితే e5 మీది నల్ల మంత్రి f4, g3 మీదుగా ఏటవాలుగా h2 వైపే చూస్తోంది. ఆ మంత్రి అక్కడున్నంతసేపు రాజు h2లోకి అడుగుపెట్టలేడు. కిటికీ చెక్కినా బయట గోడ ఉన్నట్టే. కాబట్టి బంటును తోసే ముందు, ఖాళీ అయ్యే గడి మీద ఎదుటివాడి కాయ చూపు ఉందేమో ఒక్కసారి చూడండి. దీనికి రెండు సెకన్లు చాలు. దీనికి వ్యతిరేకమైన సందర్భమూ ఉంది. ఎదుటివాడికి తెల్లగడుల మీద తిరిగే శకటు ఉండి, మంత్రి కూడా దగ్గరలో ఉంటే g3 తరువాత f3, h3 గడులు బలహీనపడతాయి, అప్పుడు h3 మేలు. మన ఉదాహరణలో నలుపుకు శకటే లేదు గనుక ఆ భయం లేదు.

g3 తరువాత నలుపు కూడా h6 ఆడి తన రాజుకు దారి ఇచ్చుకున్నాడనుకుందాం. ఇప్పుడు ఆ అమ్మాయి చెప్పిన మంత్రి d5 ఆడండి. మంత్రులు మారిపోతాయి, తెల్ల ఏనుగు d5లో నిలుస్తుంది. నల్ల ఏనుగు c1లో చెక్. రాజు నిదానంగా g2కి నడుస్తాడు. నల్ల ఏనుగు c2కి వచ్చి ఒకేసారి a2, f2 బంట్ల మీద పడుతుంది. f2కి పక్కనే రాజు ఉన్నాడు. ఏనుగును a5కి జరపండి. అది కిందికి a2ను కాపాడుతుంది, పైకి a7ను బెదిరిస్తుంది. నలుపు తన ఏనుగును c7కి వెనక్కి తీసుకుని a7ను కాపాడుకోవాల్సి వస్తుంది. తెలుపుకు బంటు ఎక్కువ అలాగే ఉంది, మంత్రులు బల్ల మీద లేవు, రాజుకు భయం లేదు. ఇక్కడ నుంచి ఎత్తుకు అయిదు సెకన్లు వాడుతూ ఆడుకోవచ్చు.

ఇంకో సంగతి చూడండి. g3, h6 అయ్యాక, మొదట ఆటను పోగొట్టిన ఏనుగు d7 ఎత్తు కూడా ఇప్పుడు బాగానే పనిచేస్తుంది. నల్ల మంత్రి e1లో చెక్ చెబితే రాజు g2కి వెళ్ళిపోతాడు, f7 మీద బెదిరింపు మాత్రం నిలిచే ఉంటుంది. నలుపు ఆ బెదిరింపును పట్టించుకోకుండా c1కి ఏనుగును తెచ్చాడంటే, తెల్ల మంత్రి f7ను కొట్టి చెక్, ఆ వెంటనే g7లో ఆట కట్టు. అయినా రెండు నిమిషాలే ఉన్నప్పుడు నేను మంత్రుల మార్పిడికే ఓటు వేస్తాను. మంత్రి లేని ప్రత్యర్థి చెప్పగలిగే చెక్కులు తక్కువ. చెక్కులు తగ్గితే ప్రతి ఎత్తుకూ మీరు చూడాల్సినవి తగ్గుతాయి.

మార్పిడికి ముందు ఒక్క క్షణం

మార్పిడి ఎప్పుడూ భద్రమే అనుకోవడానికి లేదు. ముఖ్యంగా చివరి పెద్ద కాయ మారిపోయి రాజులు, బంట్లు మాత్రమే మిగిలే మార్పిడి దగ్గర ఆగండి. బంట్ల ఆటలో ఒక్క అడుగు తేడాతో ఫలితం మారిపోతుంది, దాన్ని వెనక్కి తిప్పడానికి కాయలు ఉండవు.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆటలో జరిగింది ఇదే. తెల్ల కాయలతో ఆడుతున్న డింగ్ లిరెన్ ఒక బంటు తక్కువున్నా డ్రాకు చేరే స్థితిలో ఉన్నాడు. ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో శకటు. 55వ ఎత్తుగా డింగ్ తన ఏనుగును f2కి తెచ్చి, ఏనుగుల మార్పిడికి తలుపు తీశాడు. గుకేశ్ ఏనుగును కొట్టి, ఆ వెంటనే శకటును d5లో పెట్టాడు. డింగ్ శకటు a8 మూలలో ఉండిపోయింది, తప్పించుకునే గడి లేదు, మారక తప్పలేదు. మిగిలినవి రాజులు, బంట్లు. మూడు ఎత్తుల్లో డింగ్ ఆట వదిలేశాడు, గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు. గంటల తరబడి పోరాడి అలసిపోయిన ప్రపంచ విజేతకే ఇలా జరిగింది.

కాబట్టి నేను పాటించే పద్ధతి ఇది. మంత్రుల మార్పిడి అయితే, వెంటనే వచ్చే చెక్ ఒక్కటి చూసుకుని ముందుకు వెళ్తాను. మార్పిడి తరువాత రెండు వైపులా బంట్లు మాత్రమే మిగులుతాయంటే, నాకున్న సమయంలో పదిహేను ఇరవై సెకన్లు అక్కడే ఖర్చు పెడతాను. ఆ సెకన్లు కూడా లేకపోతే ఏనుగును బల్ల మీదే ఉంచుకుంటాను.

ఏమీ తోచనప్పుడు

అన్ని కాయలకూ కాపలా ఉంది, రాజుకు గడి ఉంది, అయినా తరువాత ఏం చేయాలో తోచడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది బంటును తోస్తారు. అది తప్పు. రాజును, మంత్రిని, ఏనుగును మళ్ళీ వెనక్కి తీసుకోవచ్చు, బంటు మాత్రం వెనక్కి రాదు. బంటు వదిలిన గడులు శాశ్వతంగా బలహీనమవుతాయి. రాజును g2 నుంచి g1కి జరపండి, మళ్ళీ g2కి రండి. లేదా ఏనుగును ఒకే నిలువు వరుసలో ఒక గడి పైకి, ఒక గడి కిందికి కదపండి. ఎదుటివాడి సమయమూ కరుగుతోందని మరచిపోకండి. అతడే తొందరపడి ఏదో ఒకటి తోయవచ్చు.

ఇందులో ఒక చిక్కుంది. అదే స్థితి, అదే ఆటగాడి వంతుతో మూడోసారి వస్తే డ్రా అడిగే హక్కు ఉంటుంది. మీరు ముందంజలో ఉంటే రెండోసారి తరువాత ఏదో ఒక చిన్న మార్పు చేయండి, ఏనుగు బదులు రాజును కదిపినా చాలు. మీరు వెనకబడి ఉంటే అదే నియమం మీకు ఆసరా. గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలవండి. ర్యాపిడ్‌లో ఎత్తులు రాయరు కాబట్టి ఆర్బిటర్ బల్ల దగ్గర లేకపోతే నిరూపించడం కష్టం. అందుకే మళ్ళీ మళ్ళీ ఒకే స్థితి వస్తోందని అనిపించగానే ఆయన దృష్టికి వచ్చేలా ముందే చేయి ఎత్తడం మంచిది.

చేయి, గడియారం

తొందరలో బల్ల మీద జరిగే పొరపాట్లు ఆలోచనలో జరిగేవాటికి తక్కువేమీ కావు. ఏ చేత్తో కాయ కదిపారో అదే చేత్తో గడియారం నొక్కాలి. కోట కట్టేటప్పుడు గానీ, కాయను కొట్టేటప్పుడు గానీ, బంటును మంత్రిగా మార్చేటప్పుడు గానీ రెండు చేతులూ వాడి గడియారం నొక్కితే దాన్ని నియమ విరుద్ధమైన ఎత్తుగానే లెక్కిస్తారు. ర్యాపిడ్‌లో మొదటిసారికి ఎదుటివాడికి రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు, రెండోసారికి ఆట పోతుంది. చివరి మూడు నిమిషాల్లో ఎదుటివాడికి రెండు నిమిషాలు ఇవ్వడమంటే ఎంతో ఊహించండి. చెక్‌లో ఉన్న సంగతి చూడకుండా వేరే కాయ కదపడం ఈ దశలో నేను ఎక్కువగా చూసే పొరపాటు. ముందుగా చెక్కులు చూడమన్నది దీనికి కూడా మందు.

కాయను గడి మధ్యలో పెట్టండి. దొర్లిపోతే మీ సమయంలోనే సరిచేయాలి, గడియారం నొక్కాక కాదు.

అదనపు సెకన్లు లేని ఆటలో మీకు ఇరవై సెకన్లే ఉండి, ఎదుటివాడి దగ్గర రాజు, ఒక్క బంటు మాత్రమే మిగిలాయనుకోండి. ఆ బంటును కొట్టేయండి. అవసరమైతే ఏనుగును ఇచ్చి అయినా సరే కొట్టండి. ఒంటరి రాజుతో ఎవరూ ఆట కట్టలేరు కాబట్టి, ఆ తరువాత మీ సమయం అయిపోయినా అది ఓటమి కాదు, డ్రా.

ఇంట్లో సాధన చేయాలంటే పైన ఇచ్చిన స్థితినే వాడుకోండి. ఫోనులో గడియారం యాప్ పెట్టి, ఇద్దరికీ మూడు నిమిషాలు, ఎత్తుకు అయిదు సెకన్లు ఇవ్వండి. తెలుపుతో ఆడేవారు ప్రతి ఎత్తుకూ ముందు, ఎదుటివాడు చెప్పగల చెక్కును పైకి చెప్పి ఆడాలి. ఆట అయ్యాక వైపులు మార్చుకోండి. మా పిల్లలతో వారానికి రెండుసార్లు ఇది చేయిస్తున్నాను. మొదటి రోజుల్లో చెక్కులు వెతకడానికే పది సెకన్లు పట్టేవి. ఇప్పుడు ఆ కావలి అమ్మాయి కాయ మీద చేయి వేసేలోపే చెబుతోంది, "e1లో చెక్ ఉంది సార్, g2 ఖాళీగానే ఉంది" అని.